ఓమ్ నియమం పక్కన ప్రశ్నార్థకం

దసరా సెలవులకు మా చెల్లెలి కూతురు ఖమ్మంలోని మా ఇంటికి వచ్చింది. పదో తరగతి. సంచీలోంచి బట్టలకన్నా ముందు ఫిజికల్ సైన్స్ పుస్తకం తీసింది. సెలవులవగానే పరీక్షలున్నాయట. కరెంటు పాఠం మూడుసార్లు చదివేశానని, ఇక చదవడానికి ఏమీ మిగల్లేదని చెప్పింది. పుస్తకం తెరిచి చూస్తే నిజమే అనిపించింది. హైలైటర్ పసుపు పడని లైను కోసం వెతుక్కోవలసి వచ్చింది.

"ఓమ్ నియమం చెప్పమ్మా" అన్నాను.

ఊపిరి తీసుకోకుండా ఇంగ్లిషులో అప్పజెప్పేసింది. స్థిర ఉష్ణోగ్రత దగ్గర వాహకం రెండు కొనల మధ్య పొటెన్షియల్ భేదం, అందులో ప్రవహించే కరెంటుకు అనులోమానుపాతంలో ఉంటుంది. అక్షరం పొల్లుపోలేదు.

"ఉష్ణోగ్రత స్థిరంగా ఎందుకుండాలి?"

కాస్త ఆగింది. పుస్తకం వైపు చూసింది. "డెఫినిషన్‌లో అలాగే ఉంది కదా మావయ్యా" అంది.

పాతికేళ్ళుగా పిల్లలకు ఈ పాఠమే చెబుతున్నాను. ఈ జవాబు నాకు కొత్త కాదు. పిల్ల అబద్ధమాడలేదు. మూడుసార్లు చదివిన మాట నిజం, పాఠం తనకు వచ్చునని మనస్ఫూర్తిగా నమ్మిన మాటా నిజం. చదివిన వాక్యం మళ్ళీ కళ్ళబడితే 'ఇది నాకు తెలుసు' అనిపిస్తుంది. అలా అనిపించడం ఒకటి, పుస్తకం మూసి చెప్పగలగడం ఇంకొకటి. ఈ రెండింటి మధ్య ఎంత దూరముందో పిల్లకు తెలిసేలోగా పరీక్ష వచ్చేస్తుంది. ఆ దూరాన్ని పరీక్షకు ముందే, ఇంట్లోనే, ఒక్క కాగితం మీద చూపించే పద్ధతి ఒకటుంది. ఇంగ్లిషువాళ్ళు దాన్ని టీచ్-బ్యాక్ షీట్ అంటున్నారు. మా ఇంట్లో మాత్రం 'మూడు వాక్యాల కాగితం' అన్న పేరు స్థిరపడింది.

ఆ రాత్రి భోజనాలయ్యాక ఆమెకు ఒక తెల్ల ఏ4 కాగితం ఇచ్చి అడ్డంగా పెట్టమన్నాను. నాలుగు గళ్ళు గీయించాను. మొదటి గడి సన్నం, అందులో భావన పేరు. రెండో గడి వెడల్పు, అందులో మూడు వాక్యాలు. మూడో గడిలో ఒక గుర్తు: బాగా వచ్చిందనుకుంటే టిక్కు, ఎక్కడో తడబడితే ప్రశ్నార్థకం, ఏమీ రాయలేకపోతే ఇంటు. నాలుగో గడి ఆ రోజుకు ఖాళీ. మళ్ళీ రాసిన తేదీలు అందులోకి వస్తాయి.

పాఠంలో ఉపశీర్షికలు చాలా ఉన్నా అన్నీ ఈ కాగితానికి పనికిరావు. 'ఎందుకు?' అని అడిగితే జవాబుండే వాటినే ఎంచుకోవాలి. కరెంటు ప్రమాణం ఆంపియర్ అన్నది ఒక పేరు. దానికి మూడు వాక్యాలెందుకు, గుర్తుపెట్టుకుంటే చాలు. నిరోధం అలా కాదు. అది ఎందుకు పుడుతుంది, దేనివల్ల పెరుగుతుంది అని అడగవచ్చు. అలా ఏరితే ఎనిమిది తేలాయి: కరెంటు, పొటెన్షియల్ భేదం, ఓమ్ నియమం, నిరోధం, విశిష్ట నిరోధం, సీరీస్ కలపడం, ప్యారలల్ కలపడం, విద్యుత్ సామర్థ్యం. ఒక్క కూర్చోవడంలో ఎనిమిదికి మించి పెట్టుకోకూడదని నా అనుభవం. ఒక్కోదానికి అయిదారు నిమిషాలు పడుతుంది. గంట దాటితే పిల్లలు ఆలోచించడం మానేసి గళ్ళు నింపడం మొదలుపెడతారు.

మూడు వాక్యాల్లో దేని పని దానిది. మొదటి వాక్యం ఆ భావన ఏమిటో సొంత మాటల్లో చెప్పాలి. రెండోది అది ఎలా పనిచేస్తుందో, ఎందుకలా అవుతుందో చెప్పాలి. మూడోది పుస్తకంలో లేని చోట దాన్ని పెట్టి చూపాలి: ఇలా చేస్తే ఇలా జరుగుతుంది అని ముందే చెప్పగలగాలి. ఒక్క వాక్యమే అడిగితే పిల్లలు నిర్వచనం అప్పజెప్పి ఊరుకుంటారు. పది వాక్యాలడిగితే పుస్తకంలో పేరా గుర్తున్నంత మేర దించేస్తారు. మూడు అనేసరికి ఏది ముఖ్యమో, ఏది వదిలెయ్యాలో వాళ్ళే తేల్చుకోవలసి వస్తుంది. అర్థం కాని విషయంలో ఆ తేల్చుకోవడం సాధ్యం కాదు. దొరికిపోయేది అక్కడే.

నియమాలు రెండే పెట్టాను. రాసేటప్పుడు పుస్తకం పక్క గదిలో ఉండాలి. వివరిస్తున్న మాటనే మళ్ళీ వివరణలో వాడకూడదు. 'నిరోధం అంటే కరెంటును నిరోధించేది' అని రాస్తే అది వాక్యమే కాదు.

ఇంకో మాట కూడా చెప్పాను, తెలుగులో రాయమని. ఆమెది ఇంగ్లిషు మీడియం. "తెలుగులో రాయడం రాదు మావయ్యా, అన్నీ ఇంగ్లిషు మాటలే కదా" అంది. పేర్లు ఇంగ్లిషులోనే ఉంచుకోమన్నాను. కరెంట్, వోల్టేజ్, రెసిస్టెన్స్ అలాగే ఉండనిచ్చి, వాటి మధ్య ఏం జరుగుతుందో మాత్రం అమ్మతో మాట్లాడే భాషలో రాయమన్నాను. కంఠస్థం చేసిన ఇంగ్లిషు వాక్యాన్ని తెలుగులో అప్పజెప్పడం కుదరదు. అర్థమైతేనే తెలుగు వస్తుంది. ఒక పక్క తెలుగు, ఎదుటి పక్క ఇంగ్లిషు ఉన్న ద్విభాషా పుస్తకాలు ఇప్పుడు ప్రభుత్వ బడుల పిల్లల చేతుల్లో ఉన్నాయి. వాళ్ళకు ఇది మరీ తేలిక. ఒక పేజీ చదివి, పుస్తకం మూసి, రెండో భాషలో రాస్తే సరి. పరీక్షలో ఇంగ్లిషులోనే రాయాలి కదా అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. నిజమే, రాయాలి. విషయం తలకెక్కాక ఇంగ్లిషులో రాయడానికి ఒక్క సాయంత్రం చాలు.

గంట తర్వాత కాగితం నా చేతికొచ్చింది. నిరోధం, సీరీస్, ప్యారలల్ పక్కన టిక్కులు. విశిష్ట నిరోధం దగ్గర వాక్యమే లేదు, ఇంటు మాత్రమే ఉంది. మిగిలిన నాలుగింటికీ ప్రశ్నార్థకాలు. పిల్ల ముఖం చిన్నబోయింది. మూడుసార్లు చదివిన పాఠంలో ఎనిమిదికి మూడే వచ్చాయన్నది ఆమె లెక్క.

అలా చిన్నబోయేది మా పిల్ల ఒక్కతే కాదు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన లియోనిడ్ రోజెన్‌బ్లిట్, ఫ్రాంక్ కీల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2002లో ప్రచురించిన ప్రయోగం ఈ కాగితానికి అద్దం పట్టినట్టుంటుంది. జిప్పు, తాళం, టాయిలెట్ ఫ్లష్ లాంటి వస్తువులు ఎలా పనిచేస్తాయో మీకు ఎంతవరకు తెలుసో ఒకటి నుంచి ఏడు వరకు అంకె వేసుకోండని వాళ్ళు ముందు అడిగారు. తర్వాత అది ఎలా పనిచేస్తుందో మెట్టు మెట్టుగా రాయమన్నారు. రాసిన తర్వాత మళ్ళీ అంకె వేసుకోమంటే, తమకు తాము ముందు వేసుకున్న అంకెను జనం తగ్గించుకున్నారు. ఎవరూ వాళ్ళను తప్పు పట్టలేదు, దిద్దలేదు. రాయబోతే రాలేదు, అంతే. ఇందులో నాకు బాగా పనికొచ్చిన సంగతి ఇంకొకటుంది. దేశాల రాజధానుల్లాంటి వాటిని, సినిమా కథల్లాంటి వాటిని అడిగినప్పుడు ఈ భ్రమ ఇంతగా కనబడలేదు. రాజధాని పేరు తెలుసో తెలియదో మనకు వెంటనే తెలిసిపోతుంది. 'ఎలా పనిచేస్తుంది' అన్న చోటే మనం ఎక్కువగా మోసపోతాం. అందుకే మూలకాల సంకేతాలకు, చరిత్రలో తేదీలకు, ఎక్కాలకు ఈ కాగితం వాడమని నేను ఎవరికీ చెప్పను. అక్కడ వట్టి కాలయాపన.

ఇక కాగితంలోకి వద్దాం. ప్రశ్నార్థకం పెట్టి వదిలేస్తే దానితో ఎవరికీ ఉపయోగం లేదు. ఓమ్ నియమం పక్కన ఆమె 'సరిగా అర్థం కాలేదు' అని రాసింది. ఆ మాట పట్టుకుని ఏ పేజీ తెరవాలి? ఎవరిని ఏమని అడగాలి? అందుకే గుర్తు పెట్టడంతో పని అయిపోదు. ఏ వాక్యం దగ్గర ఆగిపోయామో, ఏ మాట దగ్గర ఆగిపోయామో దాని కింద గీత గీసి, అనుమానాన్ని ప్రశ్నగా రాయాలి. ఆమె చేత అలా రాయిస్తే అయిదు నిమిషాలకు ఇది వచ్చింది: 'ఉష్ణోగ్రత మారితే ఏం మారిపోతుంది?' మంచి ప్రశ్న. జవాబు వెతకడానికి వీలైన ప్రశ్న.

మర్నాడు పొద్దున అటకమీదున్న పాత 60 వాట్ల బల్బు దించాను. వెలిగేటప్పుడు దాని నిరోధం ఎంతో లెక్క వేయమన్నాను. 230 వోల్టుల దగ్గర 60 వాట్లంటే కరెంటు దాదాపు 0.26 ఆంపియర్. V = IR ప్రకారం నిరోధం 880 ఓములకు కాస్త అటూ ఇటూ. ఇప్పుడు బల్బును హోల్డర్‌లో పెట్టకుండా, చల్లగా ఉండగానే మల్టీమీటర్‌తో కొలవమన్నాను. మీటరు 60 దాటి ఎంతో దూరం పోలేదు. ఆమె రెండుసార్లు కొలిచింది. మీటరు పాడైందేమో అంది. బ్యాటరీ మార్చి మళ్ళీ కొలిచింది. అదే అంకె.

తీగ అదే, పొడవూ మందమూ అవే. వెలిగినప్పుడు ఫిలమెంటు రెండు వేల డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. వేడికి లోహంలోని పరమాణువులు ఉన్నచోటనే గట్టిగా కంపిస్తాయి. ఎలక్ట్రాన్ల దారికి అవి మరింత అడ్డొస్తాయి. నిరోధం పది రెట్లు దాటి పెరుగుతుంది. అందుకని వోల్టేజి రెట్టింపు చేస్తే బల్బులో కరెంటు రెట్టింపు కాదు, అంతకన్నా తక్కువ పెరుగుతుంది. నిర్వచనంలో 'స్థిర ఉష్ణోగ్రత' అన్న రెండు మాటలు అలంకారానికి పెట్టినవి కావని ఆమెకు ఆ మీటరే చెప్పింది. ఆ సాయంత్రం ఓమ్ నియమానికి ఆమె కొత్తగా రాసిన మూడు వాక్యాలివి:

"వోల్టేజి ఎన్ని రెట్లు పెంచితే తీగలో కరెంటు అన్ని రెట్లు పెరుగుతుంది. తీగ వేడెక్కనంత వరకే ఇది నిజం, ఎందుకంటే వేడెక్కితే లోపల అణువులు ఎక్కువ ఊగి ఎలక్ట్రాన్లకు అడ్డం పడతాయి. బల్బుకు వోల్టేజి రెట్టింపు ఇస్తే కరెంటు రెట్టింపు కంటే తక్కువే వస్తుంది."

పుస్తకంలో ఈ వాక్యాలు లేవు. పరీక్షకు పనికొచ్చే భాష కూడా కాదు. కానీ మూడో వాక్యం చూడండి. ఎవరూ అడగని చోట జరగబోయేది ముందే చెబుతోంది.

ప్రశ్నార్థకాల సంగతి ఇలా ఉంది. నాకు నిజంగా భయం వేసింది మాత్రం ఒక టిక్కు చూసి. సీరీస్ గురించి ఆమె ఎక్కడా తడుముకోకుండా రాసిన వాక్యాల్లో రెండోది ఇది: 'కరెంటు ముందు మొదటి బల్బులోకి వెళ్ళి కొంత ఖర్చవుతుంది, మిగిలింది రెండో బల్బుకు వెళ్తుంది.' పక్కన నిండుగా టిక్కు.

ఈ తప్పు ఎన్నేళ్ళుగానో చూస్తున్నాను. ఏ దేశంలో ఫిజిక్స్ చెప్పే మాస్టారినడిగినా ఇదే చెబుతారు. కరెంటును మన పిల్లలు బియ్యంలాగా, నూనెలాగా వాడితే అయిపోయే సరుకనుకుంటారు. ఇంట్లో 'కరెంటు ఖర్చు', 'కరెంటు కాలుతోంది' అని మనం అనే మాటలు కూడా అందుకు తోడవుతాయి. ఈ కాగితానికున్న పెద్ద లోపం కూడా ఇక్కడే ఉంది. పిల్ల తనకు తెలియదని తెలిసిన దానికే ప్రశ్నార్థకం పెట్టగలదు. తప్పును ఒప్పని నమ్మిన చోట గుర్తు తప్పుడు గుర్తే అవుతుంది. మళ్ళీ చదవవలసిన జాబితాలో అది చేరదు. నెలల తరబడి అలాగే పదిలంగా ఉండిపోతుంది.

కాబట్టి టిక్కులను కూడా ఊరికే నమ్మకూడదు. రాయడమంతా అయ్యాక పుస్తకం తెచ్చుకుని, వేరే రంగు పెన్నుతో, టిక్కు పెట్టిన ప్రతి వాక్యాన్నీ సరిచూసుకోవాలి. ఇంకొకరు చదివితే మరీ మంచిది. ఆ ఇంకొకరు సైన్సు మాస్టారే అయి ఉండనక్కరలేదు. 'ఎందుకు?' అని అడగగల అన్నయ్య చాలు, పక్కింటి నేస్తం చాలు. అన్నిటికన్నా గట్టి పరీక్ష మాత్రం మూడో వాక్యమే. ముందే చెప్పినట్టు జరుగుతుందో లేదో చూడవచ్చు కనుక.

అందుకని ఆమెనే అడిగాను. "నువ్వు రాసిందే నిజమైతే, రెండు బల్బుల్లో ఏది ఎక్కువ వెలగాలి?"

"మొదటిది."

బడి ల్యాబులోంచి తెచ్చిన టార్చి బల్బులు రెండు, 1.5 వోల్టుల సెల్లులు రెండు బల్ల మీద పెట్టి, వరసగా కలపమన్నాను. కలిపింది. రెండూ ఒకేలా వెలిగాయి. కాసేపు దగ్గరగా వంగి చూసి, "కాదు మావయ్యా, మొదటిది ఒక పిసరు ఎక్కువుంది" అంది. ఉండవచ్చు, ఒకే పెట్టెలో బల్బులు కూడా అచ్చంగా ఒకేలా ఉండవు. అయితే రెండింటినీ స్థానాలు మార్చి పెట్టమన్నాను. ఆ పిసరు వెలుగు బల్బుతో పాటే రెండో స్థానానికి వెళ్ళిపోయింది. సెల్లులను తిరగేసి పెట్టి, కరెంటు అటువైపు నుంచి వచ్చేలా చేసి కూడా చూసింది. ఏమీ మారలేదు. అంటే తేడా బల్బుదే కానీ, వరసలో ముందుండటం వల్ల వచ్చింది కాదు.

బల్బుల ముందు చాలాసేపు కూర్చుంది. తర్వాత తనే అడిగింది: "మరి ఖర్చయ్యేదేంటి?" ఆ రోజంతటికీ అదే పెద్ద ప్రశ్న. సీరీస్‌లో ప్రతి చోటా కరెంటు ఒక్కటే. ఒక బల్బులోకి సెకనుకు ఎన్ని ఎలక్ట్రాన్లు వెళ్తాయో అన్నే బయటికి వస్తాయి. ఖర్చయ్యేది శక్తి. సెల్లు ఇచ్చే వోల్టేజిని రెండు బల్బులూ పంచుకుంటాయి. అందుకే ఒక్కటే పెట్టినప్పటి కంటే రెండూ మందంగా వెలుగుతాయి. పొటెన్షియల్ భేదం పక్కనున్న ప్రశ్నార్థకానికి జవాబు కూడా ఇందులోనే దొరికింది. ఒక గడిలో తప్పు సరిదిద్దుకుంటే పక్క గడిలోని చిక్కు విడిపోవడం ఈ కాగితంలో తరచూ జరుగుతుంది. భావనలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి మరి.

ఆ రాత్రి మా వీధి చివర అమ్మవారి మండపం దగ్గర సీరియల్ సెట్లు వెలుగుతున్నాయి. ఒక తీగలో మూడోవంతు మేర ఆరిపోయి ఉంది. "ఒక్కటి పోతే అన్నీ పోవాలి కదా, కొన్నే ఎందుకు పోయాయి?" అని అడిగింది. సీరీస్ అయితే అన్నీ పోవాలని తనే ముందు చెప్పి, కళ్ళెదుట జరిగింది దానికి ఎందుకు సరిపోలేదని అడుగుతోంది. ఇప్పటి ఎల్ఈడీ సెట్లలో కొన్ని బల్బులను వరసగా ఒక గుంపు చేసి, అలాంటి గుంపులను ప్యారలల్‌గా కలుపుతారు. ఒకటి పోతే దాని గుంపు మాత్రమే ఆరిపోతుంది. ఆమె ఇంటికొచ్చి ప్యారలల్ గడిలో మూడో వాక్యం కొట్టేసి దీన్ని రాసుకుంది.

కరెంటు పక్కనున్న ప్రశ్నార్థకం గురించి కూడా చెప్పాలి. ఆమె రాసిన ప్రశ్న ఇది: 'ఎలక్ట్రాన్లు అంత నెమ్మదిగా పోతే బల్బు వెంటనే ఎలా వెలుగుతుంది?' డ్రిఫ్ట్ స్పీడ్ లెక్క చేసిన ప్రతి పిల్లకూ రావలసిన అనుమానమిది. అయినా వందలో ఏ ఒక్కరో అడుగుతారు. చదరపు మిల్లీమీటరు మందమున్న రాగి తీగలో ఒక ఆంపియర్ కరెంటు పోతుంటే, ఎలక్ట్రాన్లు సగటున సెకనుకు 0.07 మిల్లీమీటర్లు మాత్రమే ముందుకు జరుగుతాయి. గంటకు పాతిక సెంటీమీటర్లు. చీమ నయం. మరి టార్చి మీట నొక్కగానే వెలుగెందుకొస్తుందంటే, మీట దగ్గర బయలుదేరిన ఎలక్ట్రాన్ బల్బు దాకా రానక్కర్లేదు. తీగ పొడవునా, బల్బు ఫిలమెంటులో సైతం, ఎలక్ట్రాన్లు ముందునుంచే నిండి ఉన్నాయి. మీట నొక్కితే వాటిని తోసే విద్యుత్ క్షేత్రం తీగంతా కాంతి వేగానికి దగ్గర వేగంతో పరుచుకుంటుంది. ఎక్కడివక్కడ అన్నీ ఒకేసారి కదులుతాయి. నీళ్ళు నిండుగా ఉన్న పైపులో ఈ కొస పంపు తిప్పితే ఆ కొస నీళ్ళు వెంటనే పడ్డట్టు. ఇంటి కరెంటులోనైతే దిశ సెకనుకు యాభై సార్లు అటూ ఇటూ తిరిగి వస్తుంది కనుక ఎలక్ట్రాన్లు ఉన్నచోటనే ఊగుతాయి, ప్రయాణమే లేదు.

ఇదంతా నేను చెప్పగా విని ఆమె తల ఊపింది. అప్పటికప్పుడు గుర్తు మార్చి టిక్కు పెట్టబోతే ఆపాను. విన్న వెంటనే ఎవరికైనా వచ్చినట్టే ఉంటుంది. ప్రశ్నార్థకాన్ని అదే రోజు కొట్టెయ్యకూడదు. మర్నాడు, పాత వాక్యాలను కాగితం మడిచి దాచేసి, ఖాళీ గడిలో మళ్ళీ మూడు వాక్యాలు రాయాలి. వస్తే తేదీ వేసుకోవాలి. మూడు రోజులాగి ఇంకోసారి, వారం తర్వాత మరోసారి. మూడు తేదీలూ పడ్డాకే టిక్కు. చదవడం మీద ఖర్చుపెట్టే సమయమంతా గుర్తులున్న వాటికే వెళ్ళాలి. సరిచూసిన టిక్కులను వారానికోసారి పలకరిస్తే చాలు.

పుస్తకం మూసి రాయాలని నేను ఇంత పట్టుబట్టడానికి కారణముంది. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే పరిశోధకులు 2006లో వెలువరించిన ప్రయోగంలో, విద్యార్థులకు ఒక చిన్న వ్యాసమిచ్చి చదివించారు. కొందరు దాన్నే మళ్ళీ చదివారు. కొందరు చూడకుండా గుర్తున్నంత రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత పెడితే తారుమారైంది. చూడకుండా రాసినవాళ్ళకు సుమారు 56 శాతం గుర్తుంటే, రెండుసార్లు చదివినవాళ్ళకు 42 శాతమే గుర్తుంది. రేపటి పరీక్షకు ఈ రాత్రి తిరగేసి వెళ్ళే పిల్లలకు ఆ తిరగేతే గొప్పగా పనిచేసినట్టు ఎందుకనిపిస్తుందో, వేసవికి అంతా ఎందుకు ఆవిరైపోతుందో ఈ రెండు అంకెలు చెబుతాయి.

బళ్ళో కూడా ఈ కాగితం వాడి చూశాను. మొదటి ఏడాది ఒక తప్పు చేశాను. పిల్లలు శ్రద్ధగా రాస్తారని కాగితానికి అయిదు మార్కులు పెట్టాను. రెండో వారానికి క్లాసులో ప్రశ్నార్థకాలు మాయమయ్యాయి. అన్నీ టిక్కులే. వాక్యాలు చక్కగా, గైడులోంచి దిగినట్టున్నాయి, దిగినవే. తెలియదని ఒప్పుకుంటే మార్కు పోతుందనుకున్న పిల్ల ఎందుకు ఒప్పుకుంటుంది? మార్కులు తీసేశాక నెలరోజులకు గాని ప్రశ్నార్థకాలు తిరిగి రాలేదు. దీనికి ఎదురుగా ఇంకో రకం పిల్లలుంటారు, భయంతో అన్నిటికీ ప్రశ్నార్థకం పెట్టేవాళ్ళు. వాళ్ళ వాక్యాలు చదివితే సగం సరిగ్గానే ఉంటాయి. అలాంటివాళ్ళకు ఒక కట్టడి పెట్టాను: ప్రశ్న రాయలేకపోతే ప్రశ్నార్థకం పెట్టడానికి వీల్లేదు. అడగడానికి ఏమీ దొరకకపోతే బహుశా వచ్చేసినట్టే.

కాపీ కొట్టిన వాక్యాలను పట్టుకోవడం కష్టం కాదు. మూడు వాక్యాలూ ఏ ఒక్కదాన్ని తీసేసినా మిగిలినవి చెక్కుచెదరకుండా ఉంటే, అవి పుస్తకంలో మూడు చోట్ల నుంచి ఏరినవి. సొంతంగా ఆలోచించి రాసిన వాటిలో మొదటిది లేకపోతే రెండోది నిలవదు. 'కాబట్టి', 'ఎందుకంటే', 'అందుకే' అన్న మాటలు ఒక్కటైనా లేని కాగితాన్ని నేను పక్కన పెట్టి, ఆ పిల్లవాణ్ణి పిలిచి నోటితో చెప్పమంటాను.

సెలవులు అయిపోయే రోజున మా పిల్ల కాగితం మళ్ళీ తీసి చూశాం. మడతల దగ్గర చిరగడం మొదలైంది. ఎనిమిదింటిలో ఆరింటికి టిక్కులు, వాటిలో నాలుగింటి పక్కన మూడేసి తేదీలు. విశిష్ట నిరోధం ఇంటు నుంచి ప్రశ్నార్థకానికి వచ్చింది. తీగ పొడవు, మందం మారినా అది ఎందుకు మారదో చెప్పగలుగుతోంది గాని, ఉదాహరణ దగ్గర ఇంకా తడబడుతోంది. విద్యుత్ సామర్థ్యం గడిలో పాత ప్రశ్న కొట్టేసి కొత్తది రాసుకుంది: '100 వాట్ల బల్బు నిరోధం 60 వాట్ల బల్బు కంటే తక్కువ. మరి రెండింటినీ సీరీస్‌లో పెడితే ఏది ఎక్కువ వెలుగుతుంది?'

జవాబు 60 వాట్ల బల్బే. ఆ మాట నేను ఆమెకు చెప్పలేదు. రెండు బల్బులు, రెండు హోల్డర్లు ఉంటే వాళ్ళ సైన్సు టీచరు దగ్గర ఉండి ల్యాబులో చూపించగలరు. ఆమె కాగితాన్ని పుస్తకంలో పెట్టుకుని బస్సెక్కింది.